ఇండియా నంబరు ట్రేలో, అమెరికా నంబరు ఈసిమ్‌లో: డాలస్ వెళ్లే విద్యార్థి ఫోన్ సర్దుకునే పద్ధతి

ఆగస్టు వచ్చిందంటే రిచర్డ్‌సన్ వైపు అపార్ట్‌మెంట్లలో కొత్త విద్యార్థుల ఫోన్లు సరిచేసి పెట్టడం నాకు అలవాటైన పని. హైదరాబాద్, విజయవాడ, వరంగల్ నుంచి యూటీ డాలస్‌కి వచ్చే పిల్లలు దాదాపు అందరూ అడిగేది ఒకటే: "అన్నా, ఇక్కడి ప్రీపెయిడ్ తీసుకోవాలా, ఇండియా నంబరే రోమింగ్‌లో నడపాలా, ఈసిమ్ కొనుక్కుంటే సరిపోతుందా?" ఈ మూడింటిలో ఒకటి ఎంచుకోవాలి అనుకోవడం దగ్గరే చిక్కు మొదలవుతుంది. ఇండియా నంబరు ఓటీపీల కోసం. అమెరికా నంబరు ఇక్కడి బతుకు కోసం. ప్రయాణాల కోసం అమ్మే ఈసిమ్ దిగిన మొదటి రెండు మూడు రోజుల ఇంటర్నెట్ కోసం. మూడింటి పనీ వేరు. తేల్చుకోవాల్సింది ఏ నంబరు ఫోన్‌లో ఎక్కడ ఉండాలన్నది, దేనికి ఎంత ఖర్చు పెట్టాలన్నది.

నా సలహా సూటిగా చెబుతాను. ఇండియా నంబరును ప్లాస్టిక్ సిమ్‌గానే ఉంచి ట్రేలో పెట్టుకోండి. అమెరికా నంబరును ఈసిమ్‌గా, అంటే కార్డు లేకుండా ఫోన్‌లోకే దించుకునే సిమ్‌గా తీసుకోండి. చాలామంది దీన్ని తలకిందులుగా చేస్తున్నారు. ఇండియా నంబరును ఈసిమ్‌లోకి మార్చి, అమెరికా సిమ్ కోసం ట్రే ఖాళీగా ఉంచుతున్నారు. ఫోన్ పాడైన రోజున, లేదా రీసెట్ చేసిన రోజున తేడా తెలుస్తుంది. అమెరికా ఈసిమ్ పోతే కంపెనీ యాప్‌లోకి వెళ్లి మళ్లీ దించుకోవచ్చు, లేదా ఏదో ఒక షాపుకు నడిచి వెళ్లొచ్చు. ఇండియా ఈసిమ్ పోతే మళ్లీ తెప్పించుకోవడానికి ఆ నంబరు నుంచే ఎస్సెమ్మెస్ పంపాలి, లేదంటే నంబరు ఎవరి పేరున ఉందో ఆ మనిషి ఆధార్ పట్టుకుని స్టోర్‌కి వెళ్లాలి. ఆ మనిషి డాలస్‌లో ఉన్నాడు. ప్లాస్టిక్ సిమ్ అయితే, ఫోన్ తెర పగిలినా బ్యాటరీ చచ్చినా తీసి ఇంకో ఫోన్‌లో వేస్తే ఓటీపీ వచ్చేస్తుంది.

అసలు ఇండియా నంబరు ఎందుకు బతికుండాలో కూడా చెప్పుకోవాలి. చాలామంది "నాకు ఇండియాలో ఏం పనుంటుంది" అనుకుని రీచార్జ్ ఆపేస్తారు. ఎడ్యుకేషన్ లోన్ ఒకేసారి రాదు, సెమిస్టర్ సెమిస్టర్‌కి విడతలుగా వస్తుంది. విడత విడుదలకు, ఫీజు డాలర్లలో పంపడానికి, నెట్‌బ్యాంకింగ్‌లో కొత్త ఖాతా చేర్చడానికి బ్యాంకు పంపే ఓటీపీ రిజిస్టర్ చేసిన నంబరుకే పోతుంది. ఆధార్ ఓటీపీ అంతే, డిజీలాకర్ అంతే, ఇన్‌కమ్ ట్యాక్స్ పోర్టల్ అంతే. ఈ నంబరు మార్చాలంటే బ్యాంకుకైతే బ్రాంచికి, ఆధార్‌కైతే కేంద్రానికి మనిషి వెళ్లాల్సిన పరిస్థితే ఎక్కువగా ఎదురవుతుంది.

ఇంకో ప్రమాదం ఉంది. టెలికాం నియంత్రణ సంస్థ ట్రాయ్ నిబంధన ప్రకారం ప్రీపెయిడ్ నంబరును 90 రోజులు ఏ వాడకమూ లేకుండా ఉంటే తప్ప కంపెనీ రద్దు చేయకూడదు. రద్దయిన నంబరును కొంతకాలం పక్కన పెట్టి ఆ తర్వాత ఇంకెవరికో ఇచ్చేస్తారు. అప్పటికీ మీ బ్యాంకు రికార్డులో పాత నంబరే ఉంటే, మీ ఓటీపీలు ముక్కూమొహం తెలియని మనిషికి వెళ్తుంటాయి. మీ వాట్సాప్ కూడా ఆ నంబరుతోనే ఉంటే ఆ ఖాతాను వాళ్లు తెరవగలరు. అందుకే బయల్దేరే ముందే వాట్సాప్‌లో టూ స్టెప్ వెరిఫికేషన్ పిన్ పెట్టి, ఈమెయిల్ కూడా చేర్చుకోమంటాను.

కొందరి ఇళ్లలో ఇంకో ఏర్పాటు ఉంటుంది. సిమ్‌ను నాన్న దగ్గర పాత ఫోన్‌లో వేసి వదిలేస్తారు. ఓటీపీ కావాల్సినప్పుడు ఆయన వాట్సాప్‌లో చదివి చెబుతారు. ఇది బాగానే నడుస్తుంది, కానీ డాలస్‌కీ ఇండియాకీ మధ్య వేసవిలో పదిన్నర గంటలు, చలికాలంలో పదకొండున్నర గంటల తేడా. ఓటీపీ ఆయుష్షు కొద్ది నిమిషాలు. మీ మధ్యాహ్నం అక్కడ అర్ధరాత్రి దాటిన సమయం. పైగా యూపీఐ యాప్‌లు ఈ పద్ధతిలో ముందుకు కదలవు. ఫోన్‌పే, గూగుల్ పే లాంటివి మొదటిసారి పెట్టుకునేటప్పుడు మీ ఫోన్‌లో ఉన్న సిమ్ నుంచే ఒక ఎస్సెమ్మెస్ బయటికి పంపించి, నంబరూ ఫోనూ ఒకటేనని తేల్చుకుంటాయి. సిమ్ హైదరాబాద్‌లో, ఫోన్ డాలస్‌లో ఉంటే ఆ మెట్టు దాటలేరు. కాబట్టి బ్యాంకు పనులన్నీ నాన్నే చూసుకునే ఇంట్లో అయితే సిమ్ అక్కడే ఉంచండి. మీరే చూసుకునేవారైతే వెంట తెచ్చుకోండి. రెండింటికీ మధ్యరకం ఏర్పాటు పెట్టుకుంటే అవసరమైన రోజున ఎవరి దగ్గరా పని జరగదు.

వెంట తెచ్చుకునేవారు బయల్దేరడానికి కనీసం రెండు వారాల ముందు సిమ్‌ను ఒకసారి బయటికి తీసి చూడాలి. పది పన్నెండేళ్ల కిందటి సిమ్‌ను కత్తిరించి వాడుతున్నవాళ్లు ఇంకా ఉన్నారు. అమెరికాలో 2022లోనే ఏటీ అండ్ టీ, టీ మొబైల్, వెరిజాన్ మూడూ 3జీ ఆపేశాయి. అందువల్ల రోమింగ్‌లో మీ ఇండియా సిమ్ 4జీ మీదే ఎక్కాలి. పాత 2జీ, 3జీ కాలపు సిమ్‌లు చాలావరకు 4జీకి ఎక్కవు, ఇక్కడికి వచ్చాక "నో సర్వీస్" చూపిస్తూ కూర్చుంటాయి. స్టోర్‌కి వెళ్లి అదే నంబరుకు కొత్త 4జీ సిమ్ తీసుకోండి. అయితే సిమ్ మార్చిన తర్వాత మోసాలు జరగకుండా 24 గంటల పాటు ఎస్సెమ్మెస్‌లు ఆపి ఉంచుతారు. బ్యాంకు యాప్‌లు కూడా సిమ్ మారిందని గుర్తించి మళ్లీ రిజిస్టర్ చేసుకోమంటాయి. సిమ్ మార్చిన 7 రోజుల్లోపు నంబరును ఇంకో కంపెనీకి పోర్ట్ చేసుకోవడం కూడా కుదరదు. ఫ్లైట్ ముందు రోజు సాయంత్రం ఈ పని పెట్టుకున్నవాళ్లు ఫోరెక్స్ కార్డు లోడ్ చేసుకోలేక ఇబ్బంది పడుతుంటారు.

తర్వాత రీచార్జ్. అమెరికాలో వాడబోయే ఇండియా నంబరుకు రోజుకు రెండు జీబీల ప్లాన్ దండగ. 2024 డిసెంబరులో ట్రాయ్ నిబంధన మార్చి, డేటా లేకుండా కాల్స్, ఎస్సెమ్మెస్‌లకు మాత్రమే వోచర్లు ఇవ్వాలనీ, వాటి వాలిడిటీ 365 రోజుల వరకూ ఉండొచ్చనీ చెప్పింది. ఆ తర్వాత 2025 మొదట్లో కంపెనీలు సుమారు 1,850 రూపాయలకు ఏడాది ప్లాన్లు తెచ్చాయి. అలాంటిది ఒకటి వేసి, గడువు తేదీని మీ క్యాలెండర్లోనూ ఇంట్లో ఒకరి క్యాలెండర్లోనూ రాయించండి. రీచార్జ్ ఇండియాలో ఉన్నవాళ్లు ఎవరైనా చేయొచ్చు కాబట్టి గుర్తుండటం ఒక్కటే సమస్య. వాలిడిటీ అయిపోతే ముందు అవుట్‌గోయింగ్ ఆగుతుంది, తర్వాత ఇన్‌కమింగ్ ఆగుతుంది. ఓటీపీ రాకపోతే ముందు చూడాల్సింది ఇదే.

ఇంటర్నేషనల్ రోమింగ్ సర్వీస్ ఆన్ చేయడం వేరు, రోమింగ్ ప్యాక్ కొనడం వేరు. సర్వీస్ అనేది కంపెనీ యాప్‌లో ఉండే స్విచ్. అది ఆన్‌లో ఉంటేనే మీ సిమ్‌ను అమెరికా నెట్‌వర్క్ లోపలికి రానిస్తుంది. దీన్ని ఇండియాలో ఉండగానే ఆన్ చేయాలి, ఎందుకంటే ఇక్కడికి వచ్చాక యాప్‌లో లాగిన్ అవ్వడానికే ఆ నంబరుకు ఓటీపీ కావాలి. ప్యాక్ అనేది కాల్స్‌కీ డేటాకీ తగ్గింపు ధర. ఓటీపీల కోసమే అయితే ప్యాక్ సాధారణంగా అక్కర్లేదు, ఇన్‌కమింగ్ ఎస్సెమ్మెస్‌కు రోమింగ్‌లో డబ్బులు తీసుకోరు. మీ ప్లాన్‌లో అలాగే ఉందో లేదో కస్టమర్ కేర్‌ను అడిగి నిర్ధారించుకోండి. డబ్బులు పోయేది ఇన్‌కమింగ్ కాల్ ఎత్తినప్పుడు, ఎస్సెమ్మెస్ పంపినప్పుడు, డేటా రోమింగ్ పొరపాటున ఆన్‌లో ఉన్నప్పుడు. బయల్దేరే రోజు కాల్ ఫార్వర్డింగ్‌లన్నీ తీసేయడానికి ఇది డయల్ చేయండి:

```
##002#
```

ఎందుకంటే మీరు ఎత్తని కాల్‌ను ఫోన్ ఇంకో నంబరుకో వాయిస్ మెయిల్‌కో మళ్లిస్తే, ఆ కాల్ అమెరికా దాకా వచ్చి తిరిగి వెళ్లినట్టు లెక్కపడి రెండువైపులా చార్జీ పడవచ్చు.

ఇక ఈసిమ్‌కు మారి తీరాల్సిందే అనుకునేవాళ్లు, అంటే ట్రే లేని ఫోన్ ఉన్నవాళ్లు, అదీ ఇండియాలోనే చేసుకోవాలి. ముందు ఫోన్‌లో `*#06#` నొక్కండి. ఫోన్ గుర్తింపు నంబరైన ఐఎంఈఐతో పాటు ఈసిమ్ గుర్తింపు నంబరైన 32 అంకెల ఈఐడీ కూడా కనిపిస్తే ఆ ఫోన్ ఈసిమ్ తీసుకుంటుంది. కనిపించకపోతే తీసుకోదు, ఇంక వెతకొద్దు. ఎయిర్‌టెల్‌లో 121కి, జియోలో 199కి పంపాల్సిన మెసేజ్‌లు ఇలా ఉంటాయి:

```
eSIM your_email@example.com
GETESIM <EID> <IMEI>
```

ఎయిర్‌టెల్‌ది రిజిస్టర్ చేసిన ఈమెయిల్ అయి ఉండాలి. అది లేకుండా ముందుకు పోదు. క్యూఆర్ కోడ్ ఆ మెయిల్‌కే వస్తుంది. స్కాన్ చేసేటప్పుడు ఫోన్ వైఫైలో ఉండాలి, క్యూఆర్ వేరే తెర మీద కనబడాలి. పాత ప్లాస్టిక్ సిమ్ ఆ క్షణం నుంచి పనిచేయదు. ఆ క్యూఆర్ సాధారణంగా ఒక్కసారికే పనిచేస్తుంది. ప్రొఫైల్ ఫోన్‌లోకి దిగాక, ఫోన్ రీసెట్ చేస్తున్నప్పుడు "ఈసిమ్‌లు కూడా తొలగించాలా" అని అడిగితే వద్దు అనే నొక్కాలి. అవునని నొక్కితే నంబరు ఆ ఫోన్‌లోంచి పోయినట్టే, మెయిల్‌లో ఉన్న పాత క్యూఆర్‌తో తిరిగి రాదు.

ఇప్పుడు అన్నిటికంటే ముఖ్యమైన పరీక్ష, ఫోన్ గురించి. ఇండియాలో కొన్న ఫోన్ అమెరికాలో పనిచేస్తుందా అంటే చాలామంది "అన్‌లాక్డ్ ఫోనే కదా" అంటారు. ఇండియా ఫోన్లు దాదాపు అన్నీ అన్‌లాక్డే, సమస్య అది కాదు. అమెరికా నెట్‌వర్క్‌లు గోడల లోపలికి దూసుకుపోయే తక్కువ ఫ్రీక్వెన్సీ బ్యాండ్లు వేరేవి వాడతాయి. టీ మొబైల్‌కు 12, 71. ఏటీ అండ్ టీకి 12, 14, 17. వెరిజాన్‌కు 13. ఇండియా కోసం చేసిన మధ్యతరగతి ధరల ఆండ్రాయిడ్ ఫోన్లలో వీటిలో చాలావరకు ఉండవు. బయట వీధిలో నాలుగు గీతలూ ఉండి, గదిలోకి రాగానే సిగ్నల్ మాయమైతే కారణం అదే. మీ ఫోన్ మోడల్ నంబరు, అంటే మార్కెట్ పేరు కాదు, వెనుక లేదా సెట్టింగ్స్‌లో ఉండే అక్షరాల అంకెల కోడ్ పట్టుకుని కంపెనీ సైట్‌లో బ్యాండ్ల జాబితా చూసుకోండి.

బ్యాండ్లు ఉన్నా సరిపోదు. 3జీ ఆగిపోయింది కనుక ఇక్కడ కాల్ వెళ్లాలంటే వోల్టీ, అంటే కాల్‌ను 4జీ మీదే నడిపే పద్ధతి ఉండాలి. వోల్టీ ఫోన్‌లో ఉంటే చాలదు, ఆ అమెరికా కంపెనీ సెట్టింగులు ఆ మోడల్‌లో ఉండాలి, కంపెనీ కూడా ఆ మోడల్‌ను ఒప్పుకోవాలి. ఏటీ అండ్ టీ దీనికి ఒప్పుకున్న ఫోన్ల జాబితా పెట్టుకుంది. ఒప్పుకోని ఫోన్‌లో లక్షణం ఇలా ఉంటుంది: ఇంటర్నెట్ చక్కగా నడుస్తుంది, వాట్సాప్ కాల్ మాట్లాడతారు, మామూలు కాల్ నొక్కగానే కట్ అయిపోతుంది. డేటా వస్తోందని నెలల తరబడి ఎవరూ పట్టించుకోరు. అయితే అత్యవసరంలో చేసే 911 కూడా మామూలు కాలే. ఆ రాత్రి తెలుసుకునేదాకా ఆగకూడదు. అందుకే సిమ్ కొనేముందు ఆ కంపెనీ సైట్‌లో "నీ ఫోన్ తెచ్చుకో" అనే పేజీలో మీ ఐఎంఈఐ వేసి చూడండి, ఇది హైదరాబాద్ నుంచే చేయొచ్చు. వచ్చాక చాలా ఆండ్రాయిడ్‌లలో డయలర్‌లో ఇది నొక్కి చూడొచ్చు:

```
*#*#4636#*#*
```

ఫోన్ సమాచారం అనే పేజీలో ఐఎంఎస్ స్టేటస్ చూస్తే `Registered` అని ఉండాలి, వోల్టీ అందుబాటులో ఉన్నట్టు చూపించాలి. `Not Registered` అంటే కాల్స్ రావు, పోవు. మొదట వోల్టీ స్విచ్ ఆన్‌లో ఉందో చూసి ఫోన్ ఒకసారి ఆపి మళ్లీ ఆన్ చేయండి. అయినా మారకపోతే ఆ కంపెనీ వదిలి, ఐఎంఈఐ చూసి సరేనన్న ఇంకో నెట్‌వర్క్ పట్టుకోవడం మేలు. కొత్త ఫోన్ కొనే ఆలోచన ఉంటే దాన్ని ఈ పరీక్ష తర్వాతకు వాయిదా వేయండి.

ప్రయాణాల కోసం అమ్మే ఈసిమ్ గురించి ఎక్కువ చెప్పడానికి లేదు. అది డేటా మాత్రమే. దానికి అమెరికా నంబరు ఉండదు, కాల్ రాదు, బ్యాంకు ఎస్సెమ్మెస్ రాదు. ఒక జీబీ, వారం గడువు ఉన్నది నాలుగైదు డాలర్లకు దొరుకుతుంది. డీఎఫ్‌డబ్ల్యూ ఎయిర్‌పోర్టులో దిగాక క్యాబ్ పిలవడానికి, ఇంటి తాళం ఇచ్చేవాడికి వాట్సాప్ చేయడానికి అది చాలు. ఇంట్లో వైఫై మీద ఇన్‌స్టాల్ చేసుకుని ఆఫ్‌లో ఉంచండి. చాలావాటికి గడువు అమెరికా నెట్‌వర్క్‌కు తగిలినప్పటి నుంచే మొదలవుతుంది, కానీ కొన్నిటికి ఇన్‌స్టాల్ చేసిన క్షణం నుంచే మొదలవుతుంది, కొనేటప్పుడు ఆ ఒక్క వాక్యం వెతికి చదవండి. ముప్పై రోజులది, అరవై రోజులది కొనడం నాకు నచ్చదు. మొదటి వారంలోనే బ్యాంకు ఖాతా తెరవాలి, అక్కడ నంబరు అడుగుతారు. నంబరు ఎలాగూ తీసుకోవాలి కదా. అమెరికా ప్రీపెయిడ్‌ను బయల్దేరే ముందే కొనుక్కోగలిగితే ఈ ప్రయాణ ఈసిమ్‌తో పనే లేదు.

ఆ కొనడంలోనే ఇండియా నుంచి చాలామంది ఆగిపోతారు. ఇక్కడి కంపెనీల సైట్లు కార్డు నంబరుతో పాటు బిల్లింగ్ జిప్ కోడ్ అడుగుతాయి. జిప్‌లో ఐదు అంకెలు, మన పిన్ కోడ్‌లో ఆరు. 500081 వేయబోతే ఆ గడి ఒప్పుకోదు. రిచర్డ్‌సన్ జిప్ 75080 వేస్తే గడి ఒప్పుకుంటుంది, కానీ సైట్ ఆ జిప్‌ను కార్డు జారీ చేసిన బ్యాంకు దగ్గర సరిచూసుకుంటుంది, సరిపోక తిరస్కరిస్తుంది. కార్డులో తప్పేం లేదు, డబ్బులూ ఉన్నాయి. పదేపదే ప్రయత్నిస్తే మోసమనుకుని బ్యాంకే కార్డు ఆపేయవచ్చు. ఇందుకు మూడు దారులున్నాయి. పేపాల్ తీసుకునే కంపెనీ అయితే దాని ద్వారా కట్టడం ఒకటి. ఇక్కడున్న సీనియర్ కార్డుతో కట్టించుకుని వచ్చాక ఇచ్చేయడం రెండోది. వచ్చిన మర్నాడు వాల్‌మార్ట్‌కో టార్గెట్‌కో వెళ్లి స్టార్టర్ కిట్ నగదుతోనో ఫోరెక్స్ కార్డుతోనో కొనడం మూడోది. షాపులో కార్డు గీకితే జిప్ గొడవ తక్కువ.

ప్రీపెయిడ్‌కు సోషల్ సెక్యూరిటీ నంబరు అక్కర్లేదు, క్రెడిట్ చెక్ ఉండదు. కొత్తగా వచ్చిన విద్యార్థికి పోస్ట్‌పెయిడ్ కంటే ఇదే నయమనడానికి మొదటి కారణం అది. మూడు పెద్ద కంపెనీల టవర్ల మీదే నడిచే చవక బ్రాండ్లు చాలా ఉన్నాయి. మింట్, టెల్లో టీ మొబైల్ మీద, విజిబుల్ వెరిజాన్ మీద నడుస్తాయి, యూఎస్ మొబైల్ మూడింటిలో ఏదైనా ఎంచుకోనిస్తుంది. పేరు కంటే కింద ఉన్న నెట్‌వర్క్ చూడండి, మీ ఐఎంఈఐ పాసైంది ఏదో అదే. ధరలో ఒక మెలిక ఉంది. నెలకు 15 డాలర్లు అని ప్రకటనలో కనిపించే ప్లాన్‌ను మూడు నెలలకు కలిపి 45 డాలర్లు, పైన పన్నులు, ఒకేసారి కట్టాలి. ఆ మూడు నెలల తర్వాత అదే ధర కావాలంటే సాధారణంగా ఏడాదికి ఒకేసారి కట్టమంటారు. మూడు నెలల గడువులో నెట్‌వర్క్ ఇంట్లో, క్లాసులో, బస్సులో ఎలా ఉందో తెలిసిపోతుంది కాబట్టి మొదటిసారి మూడు నెలలకే కట్టండి. డేటా విషయానికొస్తే క్యాంపస్‌లో వైఫై, ఇంట్లో వైఫై ఉన్న విద్యార్థికి నెలకు 5 జీబీ ఎక్కువమందికి మిగిలిపోతుంది. ఇలాంటి బ్రాండ్ల ప్లాన్లలో చాలావాటికి, జనం ఎక్కువున్న చోట ముందు పెద్ద కంపెనీ సొంత కస్టమర్లకు వేగం ఇస్తారు, తర్వాత మనకు. క్లాసులు వదిలే వేళ క్యాంపస్ మధ్యలో వేగం పడిపోతే దానికి ఫోన్‌ను తప్పు పట్టాల్సిన పని లేదు.

ఈసిమ్ యాక్టివేట్ చేసేటప్పుడు జిప్ కోడ్ అడుగుతారు. మీరు ఉండబోయే చోటు జిప్ ఇవ్వండి, దాన్ని బట్టే ఏరియా కోడ్ వస్తుంది, డాలస్ ప్రాంతానికి 214, 469, 972, 945. ప్లాన్ గడువు యాక్టివేట్ చేసిన రోజు నుంచే నడుస్తుంది కనుక ఇండియాలో వారం ముందు చేయడం వల్ల వారం పోతుంది తప్ప లాభం లేదు. ఈసిమ్ దించుకోవడానికి వైఫై చాలు, డీఎఫ్‌డబ్ల్యూలో ఉచిత వైఫై ఉంటుంది. ఇమ్మిగ్రేషన్ క్యూలో ఫోన్ వాడనివ్వరు, కాబట్టి ఐ 20, అడ్మిషన్ లెటర్, చేరాల్సిన చిరునామా కాగితం మీద చేతిలో ఉండాలి, ఫోన్ మీద ఆధారపడొద్దు. సామాను తీసుకునే చోటికి వచ్చాక తీరిగ్గా ఈసిమ్ ఆన్ చేసుకోండి. గీతలు రాగానే ఎవరికైనా ఒక మామూలు కాల్ చేసి, ఒక ఎస్సెమ్మెస్ పంపి, వాళ్లనూ తిరిగి ఒక కాల్ చేసి, ఒక ఎస్సెమ్మెస్ పంపమనండి. నాలుగూ జరిగితేనే లైను నిజంగా నడుస్తున్నట్టు.

రెండు లైన్లు ఆన్ అయ్యాక సెట్టింగులు ఇలా ఉండాలి. మొబైల్ డేటాకు అమెరికా లైన్. కాల్స్‌కు డిఫాల్ట్ అమెరికా లైన్. ఇండియా లైన్‌కు డేటా రోమింగ్ ఆఫ్. ఐఫోన్‌లో "సెల్యులార్ డేటా స్విచింగ్‌ను అనుమతించు" అనేది ఆఫ్, లేకపోతే అమెరికా సిగ్నల్ తగ్గినప్పుడు డేటా ఇండియా లైన్‌కు జారుతుంది. ఐమెసేజ్, ఫేస్‌టైమ్‌లలో ఇండియా నంబరు పక్కన టిక్ తీసేయండి. టిక్ ఉంటే దాన్ని ధ్రువీకరించుకోవడానికి ఫోన్ తెర వెనుక ఒక అంతర్జాతీయ ఎస్సెమ్మెస్ పంపుతుంది, దానికి రోమింగ్ ధర పడుతుంది. వాట్సాప్ కొత్త నంబరు చూసి మారుస్తారా అని అడిగితే అవసరం లేదు, ఇండియా నంబరుతోనే ఉండనివ్వండి. కాంటాక్టులన్నీ +91తో సేవ్ చేసి ఉండాలి, పది అంకెలే ఉంటే అమెరికా లైన్ నుంచి నొక్కినప్పుడు ఫోన్ దాన్ని అమెరికా నంబరే అనుకుంటుంది.

ఇండియా లైన్ "నో సర్వీస్" అంటే ముందు కంపెనీ యాప్‌లో రోమింగ్ సర్వీస్, వాలిడిటీ చూడండి. అవి సరిగా ఉంటే నెట్‌వర్క్ ఎంపికను ఆటోమేటిక్ నుంచి మాన్యువల్‌కు మార్చి, కనిపించే అమెరికా నెట్‌వర్క్‌లు ఒక్కొక్కటీ ప్రయత్నించండి. మీ కంపెనీతో ఒప్పందం ఉన్నదే ఎక్కనిస్తుంది. ఆ తర్వాత కొద్ది నిమిషాలు ఆగి, మీ బ్యాంకు యాప్ నుంచి ఓటీపీ ఒకటి తెప్పించి చూడండి. ఫీజు గడువు రోజున కాకుండా తీరికగా ఉన్న మొదటి వారంలోనే ఈ పరీక్ష జరగాలి. గూగుల్ వాయిస్ లాంటి ఇంటర్నెట్ నంబర్లతో ఇక్కడి బ్యాంకు ఖాతా తెరవాలనుకోవద్దు, చాలా బ్యాంకులు అలాంటి నంబరుకు ఓటీపీ పంపవు. ఇండియా ఖాతా విషయంలో అయితే 2023 నుంచి ప్రవాసుల కోసం ఉండే ఎన్‌ఆర్‌ఈ, ఎన్‌ఆర్‌ఓ ఖాతాలకు అమెరికా నంబరుతోనూ యూపీఐ పెట్టుకునే వీలుంది, మీ బ్యాంకు, మీ యాప్ దాన్ని ఇచ్చి ఉండాలి.

అమెరికా నంబరు ఒకసారి తీసుకున్నాక మార్చకండి. బ్యాంకు, డబ్బులు పంపుకునే జెల్, అపార్ట్‌మెంట్ లీజు, యూనివర్సిటీ లాగిన్, తర్వాత ఉద్యోగం దరఖాస్తులు అన్నీ దాని మీదే ఎక్కుతాయి. చాలామంది సీనియర్ల ఫ్యామిలీ ప్లాన్‌లో లైన్ తీసుకుంటారు, నలుగురైదుగురు కలిస్తే మనిషికి చవగ్గా పడుతుంది, ప్లాన్ కూడా మంచిది. దానిలో ఇబ్బంది ఒకటే. లైన్ మీది కాదు, ఖాతా ఎవరి పేరున ఉందో వాళ్లది. ఆయన ఉద్యోగం వచ్చి సియాటిల్ వెళ్లి ఖాతా మూసేస్తే మీ నంబరూ దాంతో పోతుంది. చేరేముందే ఖాతాదారును అడిగి పెట్టుకోండి: వెళ్లేటప్పుడు నంబరు పోర్ట్ చేయడానికి ఖాతా నంబరు, ట్రాన్స్‌ఫర్ పిన్ ఇస్తారా అని. ఈ రెండూ, బిల్లింగ్ జిప్ కూడా ఉంటేనే కొత్త కంపెనీ నంబరును లాక్కోగలదు. పిన్‌కు కొద్ది రోజుల గడువే ఉంటుంది. పాత లైన్ ముందే రద్దు చేయకండి, రద్దయిన నంబరు పోర్ట్ కాదు. కొత్త దాంట్లో పోర్ట్ పూర్తయ్యాక పాతది దానంతటదే ఆగుతుంది.

ఏడాదో రెండేళ్లో గడిచాక ఇక్కడ ఐఫోన్ కొంటారు. అమెరికాలో అమ్మే ఐఫోన్లకు 14 నుంచి సిమ్ ట్రే లేదు. అప్పుడు ట్రేలో ఉన్న ఇండియా సిమ్ ఎక్కడ పెట్టాలన్న ప్రశ్న వస్తుంది. సెలవులకు ఇంటికి వెళ్లే ప్రయాణం దగ్గర్లో ఉంటే, కొత్త ఫోన్ చేతిలో పెట్టుకుని హైదరాబాద్‌లో స్టోర్‌లోనే ఈసిమ్‌కు మార్పించి, 24 గంటలు గడిచి ఓటీపీ వచ్చేదాకా చూసి రండి. ప్రయాణం దూరంగా ఉంటే పాత ఇండియా ఫోన్‌ను అమ్మకండి, ఎక్స్‌చేంజ్‌లో ఇవ్వకండి. అందులో ఇండియా సిమ్ ఒక్కటే ఉంచి, ఇంట్లో వైఫైకి కలిపి, చార్జర్‌కు దగ్గర్లో పెట్టండి. బ్యాంకు యాప్, యూపీఐ కూడా ఆ ఫోన్‌లోనే ఉండనివ్వండి.